ఏళ్లుగా వాడని సేవింగ్స్ ఖాతా: డబ్బు వడ్డీతో వెనక్కి తెచ్చుకుని ఖాతా మూసేయడం ఎలా?

పాత పాస్‌బుక్ చేతికి దొరికినప్పుడు చాలామంది అనే మొదటి మాట, "పదేళ్లు దాటిపోయింది, ఇంకేం వస్తుందిలే, గవర్నమెంటుకి వెళ్లిపోయి ఉంటుంది" అని. ఆ మాట నిజం కాదు. ఎన్నేళ్లు గడిచినా ఖాతాలో ఉన్న డబ్బు ఖాతాదారుడిదే. దాన్ని అడిగే హక్కుకు గడువంటూ ఏదీ లేదు. ఈ పనిలో శ్రమంతా "ఆ ఖాతా మనిషిని నేనే" అని కాగితాలతో చూపించడంలోనే ఉంటుంది. అందుకే ఏ కాగితం దేనికో, ఏ మాట ఎక్కడ అడగాలో వరసగా చెబుతాను.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఏలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పనిచేసిన టీచరుకు అక్కడి ఆంధ్రా బ్యాంకు బ్రాంచిలో సేవింగ్స్ ఖాతా ఉండేది. 2009 జూన్‌లో చివరిసారి డబ్బు తీసింది. ఖాతాలో 20,600 రూపాయలు మిగిలాయి. తర్వాత పెళ్లయి, ఇంటిపేరు మారి, హైదరాబాదులో స్థిరపడింది. ఫోన్ నంబరు మారింది, చిరునామా మారింది, చివరికి బ్యాంకు పేరు కూడా మారింది. మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటి ఖాతాలు చాలా ఉంటాయి కాబట్టి ఈమె దారినే నడుద్దాం.

ఖాతా ఇప్పుడు ఏ దశలో ఉందో తెలుసుకోండి

ఖాతాదారుడి వైపు నుంచి రెండేళ్లకు మించి ఏ లావాదేవీ జరగకపోతే బ్యాంకు ఆ ఖాతాను 'ఇనాపరేటివ్' అని గుర్తిస్తుంది. జనం వాడుకలో 'డార్మెంట్' అనేది దీన్నే. బ్యాంకు తనంతట తాను వేసే వడ్డీ, తీసుకునే చార్జీలు లావాదేవీ కింద లెక్కకు రావు. "పాస్‌బుక్‌లో ఆర్నెల్లకోసారి వడ్డీ పడుతూనే ఉందిగా, మరి డార్మెంట్ ఎలా అయింది?" అని కౌంటరు దగ్గర వాదించేవాళ్లకు జవాబు ఇదే.

పదేళ్లపాటు అలాగే ఉండిపోతే రెండో దశ. అప్పటికి ఉన్న నిల్వను, వడ్డీతో కలిపి, బ్యాంకు రిజర్వు బ్యాంకు దగ్గరున్న డిపాజిటర్ ఎడ్యుకేషన్ అండ్ అవేర్‌నెస్ ఫండ్‌కు పంపుతుంది. బ్యాంకుల్లో దీన్ని క్లుప్తంగా 'డీఈఏ ఫండ్' అంటారు. ఈ పథకం 2014లో వచ్చింది.

ఈ రెండు దశల మధ్య తేడా తెలిస్తే కౌంటరు దగ్గర సగం అయోమయం తగ్గుతుంది. పదేళ్లు నిండని ఖాతాలో డబ్బు ఇంకా ఖాతాలోనే ఉంటుంది, ఖాతాను మళ్లీ వాడుకలోకి తెస్తే సరిపోతుంది. పదేళ్లు దాటితే కంప్యూటర్‌లో నిల్వ సున్నా అని కనపడవచ్చు. దాన్ని చూసి "మీ ఖాతాలో ఏమీ లేదమ్మా" అని చెప్పి పంపేసే అవకాశం ఉంది. అప్పుడు "నిల్వ డీఈఏ ఫండ్‌కు వెళ్లిందేమో చూడండి, ఏ తేదీన ఎంత వెళ్లిందో చెప్పండి" అని అడగాలి. మన టీచరు ఖాతాకు 2019 జూన్‌తో పదేళ్లు నిండాయి, కాబట్టి ఆమె అడగాల్సిన ప్రశ్న ఇదే.

బ్యాంకు పేరే లేకుండా పోతే

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు రెండూ యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిశాయి. అదే రోజు సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిసింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అంతకు మూడేళ్ల ముందే, 2017 ఏప్రిల్ 1న, స్టేట్ బ్యాంకులో కలిసింది. విజయా బ్యాంకు 2019లో బ్యాంక్ ఆఫ్ బరోడాకు, ఐఎన్‌జీ వైశ్యా బ్యాంకు 2015లో కోటక్ మహీంద్రాకు వెళ్లాయి. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామీణ బ్యాంకులన్నీ కలిసి ఒకే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. బ్యాంకు మరో బ్యాంకులో కలిసినప్పుడు దాని ఖాతాలతోపాటు వాటి బాకీ కూడా కొత్త బ్యాంకు మీదికి వస్తుంది. ఆంధ్రా బ్యాంకు 2019లో ఫండ్‌కు పంపిన డబ్బును ఈ రోజు యూనియన్ బ్యాంకులో అడగాలి.

పాస్‌బుక్ మరీ పాతదైతే ఇంకో చిక్కు ఉంది. కంప్యూటర్లు రాకముందు ఖాతా నంబర్లు నాలుగైదు అంకెలే ఉండేవి. ఆ నంబరు ఈనాటి వ్యవస్థలో నేరుగా దొరకదు. ఖాతా తెరిచిన బ్రాంచిలోనో, ఆ బ్రాంచి కలిసిన మరో బ్రాంచిలోనో పాత నంబరుకు కొత్త నంబరు ఏదో వెతికించాలి. పాస్‌బుక్కే లేకపోయినా దారి మూసుకుపోదు. పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఖాతా తెరిచినప్పటి చిరునామా ఇస్తే పేరు మీద వెతకవచ్చు.

ఉద్గమ్‌లో వెతకడం

ఏ బ్యాంకులో ఉందో గుర్తులేనివాళ్ల కోసం రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో `udgam.rbi.org.in` అనే పోర్టల్ తెచ్చింది. మొబైల్ నంబరుతో నమోదై, ఓటీపీతో లోపలికి వెళ్లి, ఖాతాదారుడి పేరు కొట్టి, బ్యాంకును ఎంచుకోవాలి. ఏ బ్యాంకో తెలియకపోతే అన్నిటినీ ఎంచుకోవచ్చు. పేరుతోపాటు పాన్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, పుట్టిన తేదీ వీటిలో ఏదో ఒకటి ఇవ్వాలి. దొరికితే యూడీఆర్ఎన్ అనే ఒక నంబరు వస్తుంది. అందులో ఖాతా నంబరు బయటపడదు. ఆ నంబరు రాసుకుని బ్రాంచికి వెళ్తే వాళ్లు దానితో ఖాతాను పట్టుకోగలరు.

ఇక్కడ రెండు పరిమితులున్నాయి. ఉద్గమ్‌లో కనిపించేది డీఈఏ ఫండ్‌కు వెళ్లిన ఖాతాలు మాత్రమే. ఆరేడేళ్లుగా వాడని ఖాతా అందులో కనపడదు. రెండోది, అన్ని బ్యాంకులూ అందులో లేవు. 2024 మార్చి నాటికి 30 బ్యాంకులు చేరాయి. సహకార బ్యాంకు ఖాతా అయితే నేరుగా ఆ బ్యాంకునే అడగడం మేలు.

మన పేర్ల తీరు వల్ల వెతుకులాట తరచూ తప్పిపోతుంది. పాస్‌బుక్‌లో ఇంటిపేరుకు ఒక్క అక్షరమే ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. కొందరికి ఇంటిపేరు ముందు, కొందరికి చివర. 'లక్ష్మి' అని రాయడానికి ఇంగ్లీషులో నాలుగు రకాల స్పెల్లింగులున్నాయి. కాబట్టి పాస్‌బుక్‌లో అచ్చయిన స్పెల్లింగుతోనే మొదట వెతకండి. తర్వాత ఇంటిపేరు తీసేసి, పెళ్లికి ముందున్న ఇంటిపేరుతో, అక్షరాలు విడదీసి, కలిపి ప్రయత్నించండి. పాత ఖాతాలకు పాన్ జతచేసి ఉండకపోవచ్చు, అప్పుడు పాన్‌తో వెతికితే రాదు, పుట్టిన తేదీతో వస్తుంది. ఎలా వెతికినా రాకపోతే ఖాతా లేదని అర్థం కాదు. పాస్‌బుక్ చేతిలో ఉంటే ఉద్గమ్‌తో పనే లేదు, తిన్నగా బ్రాంచికి వెళ్లండి.

ఉద్గమ్‌లో వెతకడానికి రుసుము లేదు. డబ్బు ఇప్పిస్తామని ఫోన్ చేసి కమీషన్ అడిగేవాళ్లకు, ఓటీపీ అడిగేవాళ్లకు ఏమీ చెప్పకండి. క్లెయిమ్ తీసుకునేది బ్యాంకు ఒక్కటే.

బ్రాంచికి పట్టుకెళ్లాల్సినవి

పాస్‌బుక్ లేదా యూడీఆర్ఎన్ నంబరు, ఆధార్, పాన్, రెండు ఫొటోలు, డబ్బు జమ కావాల్సిన ఖాతా తాలూకు క్యాన్సిల్ చేసిన చెక్కు లేదా పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్స్. పాన్ లేనివాళ్లు దాని బదులు బ్యాంకు ఇచ్చే డిక్లరేషన్ ఫారం నింపాలి. మిగిలిన చెక్కు కాగితాలు, పాత ఏటీఎం కార్డు ఉంటే అవీ తీసుకెళ్లండి, ఖాతా మూసేటప్పుడు అడుగుతారు. జిరాక్సులతో పాటు అసలు కాగితాలు వెంట ఉండాలి, లేకపోతే మళ్లీ రమ్మంటారు.

పేరు మారిన ఆడవాళ్లు తప్పక తీసుకెళ్లాల్సింది మ్యారేజ్ సర్టిఫికెట్. ప్రభుత్వం ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ గానీ, పేరు మార్పు గెజిట్ ప్రకటన గానీ జతచేస్తే పాత పేరు మీదున్న గుర్తింపు పత్రాన్ని కూడా బ్యాంకులు ఒప్పుకోవాలని కేవైసీ నిబంధనల్లోనే ఉంది. పెళ్లి శుభలేఖ, ఫొటోలు దీనికి చాలవు. మన టీచరు పెళ్లి రిజిస్టరు కాకపోయి ఉంటే ఆమె ముందుగా ఆ పని చేయించుకోవాలి. ఆలస్యం ఎక్కువగా జరిగేది ఈ ఒక్క కాగితం దగ్గరే. కాబట్టి బ్యాంకుకు బయల్దేరే ముందే దీన్ని తెమల్చుకోండి.

సంతకం కలవకపోవడం కూడా మామూలే. ఇరవై ఏళ్ల కిందటి సంతకం ఎవరికి గుర్తుంటుంది? కేవైసీతో మనిషి రుజువైతే కొత్త నమూనా సంతకం ఇవ్వవచ్చు. మైనరుగా ఉన్నప్పుడు తండ్రో తల్లో తెరిచిన ఖాతా అయితే, ఇప్పుడు మేజరైన మనిషే స్వయంగా కేవైసీ ఇచ్చి సంతకం నమోదు చేసుకోవాలి.

హైదరాబాదులో ఉండి ఏలూరు వెళ్లాలా?

అక్కర్లేదు. రిజర్వు బ్యాంకు 2024 జనవరి 1న ఇచ్చిన సర్క్యులర్ అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఇనాపరేటివ్ ఖాతాకు కేవైసీ కొత్తగా ఇవ్వడానికి ఖాతా ఉన్న బ్రాంచికే వెళ్లాలనే నియమం లేదు, ఆ బ్యాంకు బ్రాంచి ఏదైనా తీసుకోవాలి. బ్యాంకుకు వీడియో కేవైసీ సదుపాయం ఉంటే అలాగైనా చేయమని ఖాతాదారుడు అడగవచ్చు. ఖాతాను వాడుకలోకి తెచ్చినందుకు చార్జీ తీసుకోకూడదు. దరఖాస్తు పూర్తిగా అందిన మూడు పనిదినాల్లో ఆ పని చేయాలి.

"పూర్తిగా అందిన" అనే మాటలోనే మెలిక ఉంది. ఒక్క కాగితం తక్కువైనా ఆ మూడు రోజుల లెక్క మొదలు కాదు. అందుకే దరఖాస్తు ఇచ్చేటప్పుడే "ఇంకేమైనా కావాలా, అన్నీ సరిపోయాయా" అని అడిగి, రెండో ప్రతి మీద తేదీతో బ్రాంచి స్టాంపు, సంతకం వేయించుకోండి. స్టాంపు లేని దరఖాస్తు ఇచ్చినట్టే కాదు.

కొన్ని బ్రాంచీల్లో ఈ నియమం తెలియక "మీ సొంత బ్రాంచికి వెళ్లండి" అంటారు. గొడవ పడకుండా 2024 సర్క్యులర్ సంగతి చెప్పి, మేనేజరును కలవండి. వాళ్ల జంకు వెనక ఒక కారణం ఉందని కూడా గ్రహించాలి. ఎవరూ చూడని ఖాతాల్లోనే మోసాలు జరిగే అవకాశం ఎక్కువ. కాబట్టి డార్మెంట్ ఖాతాను కౌంటరులో ఉన్న ఒక్క గుమాస్తా తెరవలేడు, పైఅధికారి ఆమోదం ఉండాలి. అందువల్ల అదే రోజు పని కాకపోతే అనుమానపడనక్కర్లేదు.

దరఖాస్తులో ఏం రాయాలి

బ్యాంకు ఫారం ఎలాగూ ఇస్తుంది. దానితోపాటు తెల్లకాగితం మీద ఒక ఉత్తరం జతచేయడం మంచిదని నా అభిప్రాయం. ఫారంలో వడ్డీ మాట ఉండకపోవచ్చు, ఖాతా మూసే మాట ఉండకపోవచ్చు. ఉత్తరంలో మూడు కోరికలూ ఒకేచోట ఉంటే మూడుసార్లు తిరగక్కర్లేదు.

> బ్రాంచి మేనేజరు గారికి,
>
> మీ బ్యాంకు ఏలూరు బ్రాంచిలో (పూర్వపు ఆంధ్రా బ్యాంకు) నా పేరు మీద ______ నంబరు సేవింగ్స్ ఖాతా ఉంది. 2009 జూన్ తర్వాత నేను ఈ ఖాతా వాడలేదు. పెళ్లి తర్వాత నా ఇంటిపేరు మారింది, మ్యారేజ్ సర్టిఫికెట్ జతచేశాను.
>
> నా కేవైసీ వివరాలు, ఫోన్ నంబరు, చిరునామా, నమూనా సంతకం మార్చి ఖాతాను వాడుకలోకి తేవలసిందిగా కోరుతున్నాను. నిల్వ డీఈఏ ఫండ్‌కు పంపి ఉంటే, ఆ మొత్తాన్ని ఈ రోజు వరకు వడ్డీతో కలిపి ఇప్పించగలరు. మొత్తం జతచేసిన చెక్కులో ఉన్న నా ఖాతాకు పంపి, ఈ ఖాతాను మూసేయవలసిందిగా ప్రార్థన. చివరి లావాదేవీ నుంచి నేటి వరకు స్టేట్‌మెంటు, నా కస్టమర్ ఐడీ కింద ఉన్న ఇతర డిపాజిట్ల వివరాలు కూడా ఇవ్వగలరు.

చివరి వాక్యం చిన్నదే గానీ వదలొద్దు. గడువు తీరి మర్చిపోయిన ఫిక్స్‌డ్ డిపాజిట్ అదే పేరు మీద ఉంటే ఇలా అడిగినప్పుడే బయటపడుతుంది.

"రిజర్వు బ్యాంకు నుంచి డబ్బు రావాలి, అప్పటిదాకా ఆగండి" అంటే

ఫండ్‌కు వెళ్లిన డబ్బు విషయంలో ఈ మాట వినపడవచ్చు. నియమం దీనికి తలకిందులుగా ఉంది. ఖాతాదారుడు అడిగినప్పుడు బ్యాంకు ముందు తన డబ్బుతో వడ్డీ సహా చెల్లించాలి. తర్వాత ఆ మొత్తాన్ని ఫండ్ నుంచి తాను రాబట్టుకోవాలి. రిజర్వు బ్యాంకుకూ బ్యాంకుకూ మధ్య లెక్క తేలేదాకా ఖాతాదారుడు ఎదురుచూడాల్సిన పని లేదు. మీరు రిజర్వు బ్యాంకుకు విడిగా దరఖాస్తు పెట్టాల్సిన పనీ లేదు. ఈ ఒక్క సంగతి తెలిసి అడిగేవాళ్ల పని త్వరగా అవుతుంది.

వడ్డీ సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

ఖాతా డార్మెంట్ అయినా సేవింగ్స్ వడ్డీ ఆగకూడదు, క్రమంగా పడుతూనే ఉండాలి. మన టీచరు 20,600 రూపాయలు పదేళ్లలో వడ్డీతో పెరిగి, 2019 జులై చివర ఫండ్‌కు వెళ్లే నాటికి 30,000 అయ్యాయనుకుందాం.

ఫండ్‌కు వెళ్లిన తర్వాత వడ్డీ రేటును రిజర్వు బ్యాంకు నిర్ణయిస్తుంది, అది బారువడ్డీ. వడ్డీ మీద వడ్డీ ఉండదు. 2018 జూన్ చివరి వరకు ఏడాదికి 4 శాతం, 2018 జులై 1 నుంచి 3.5 శాతం, 2021 మే 11 నుంచి 3 శాతం. ఆమె డబ్బుకు 2019 ఆగస్టు 1 నుంచి 2021 మే 10 వరకు 649 రోజులు. 3.5 శాతం చొప్పున 30,000 మీద 1,867 రూపాయలు. అక్కడి నుంచి 2026 మే 10 వరకు సరిగ్గా అయిదేళ్లు, 3 శాతం చొప్పున ఏడాదికి 900, మొత్తం 4,500. వడ్డీ 6,367, అసలుతో కలిపి 36,367 రూపాయలు ఆమె చేతికి రావాలి. 30,000 మాత్రమే జమైతే ఫండ్ వడ్డీ కలపలేదన్నమాట. అప్పుడు ఈ లెక్కే కాగితం మీద రాసి అడగాలి.

స్టేట్‌మెంటులో చూడాల్సిన రెండో విషయం కోతలు. మినిమమ్ బ్యాలెన్స్ లేదని డార్మెంట్ ఖాతా నుంచి జరిమానా తీయడం 2014 నుంచే నిషేధం. ఖాతా డార్మెంట్ కాకముందు, అంటే చివరి లావాదేవీ తర్వాతి మొదటి రెండేళ్లలో, బ్యాంకు నియమాల ప్రకారం తీసిన చార్జీలను కాదనడం కష్టం. 2014 తర్వాత, డార్మెంట్‌గా ఉన్న కాలంలో అలాంటి కోత కనిపిస్తే ఆ వరస కింద గీత గీసి, తిరిగి జమ చేయమని రాసివ్వండి. ఖాతా మూసేశాక అడగడం కన్నా మూసేముందు అడగడం తేలిక.

మూసేయడం

లెక్క సరిపోయాక క్లోజర్ ఫారం మీద సంతకం చేయండి. జాయింట్ ఖాతా అయితే ఇద్దరూ సంతకం చేయాలి. డబ్బు తీసేటప్పుడు ఎవరో ఒకరు చాలు అని ఉన్నా, మూసేటప్పుడు అందరి సంతకాలూ అడుగుతారు. పాత ఎల్ఐసీ ప్రీమియం, పాత పీఎఫ్, షేర్ల డివిడెండ్ ఏవైనా ఈ ఖాతాకు కట్టి ఉన్నాయేమో గుర్తు చేసుకోండి. ఉంటే మూసేముందే అక్కడ కొత్త ఖాతా నంబరు ఇవ్వాలి. తర్వాత పాస్‌బుక్ మీద 'అకౌంట్ క్లోజ్డ్' స్టాంపు వేయించుకుని, చివరి స్టేట్‌మెంటు, డబ్బు పంపిన యూటీఆర్ నంబరు తీసుకోండి. వడ్డీని ఆ ఏడాది ఆదాయపు పన్ను రిటర్నులో చూపించడానికి ఆ స్టేట్‌మెంటే ఆధారం.

విదేశాల్లో ఉన్నవాళ్లు, చనిపోయినవాళ్ల ఖాతాలు

అమెరికాలోనో గల్ఫ్‌లోనో స్థిరపడినవాళ్ల పాత సేవింగ్స్ ఖాతాను ముందు ఎన్ఆర్‌వో ఖాతాగా మార్చాల్సి వస్తుంది. గుర్తింపు పత్రాల నకళ్లను అక్కడి భారత రాయబార కార్యాలయం, నోటరీ, లేదా మన బ్యాంకుల విదేశీ బ్రాంచి అధికారి ధ్రువీకరించి ఇవ్వవచ్చు. ఊళ్లో ఉన్న తమ్ముడికి ఏటీఎం పిన్ చెప్పి తీయించుకునే పద్ధతి డార్మెంట్ ఖాతాలో పనిచేయదు.

ఖాతాదారుడు చనిపోయి ఉంటే ఖాతాను వాడుకలోకి తేవడం అనే మాటే ఉండదు, అది డెత్ క్లెయిమ్. నామినీ ఉంటే మరణ ధ్రువీకరణ పత్రం, నామినీ గుర్తింపు పత్రం, క్లెయిమ్ ఫారం చాలు. నామినీ ఆ డబ్బును వారసుల తరఫున తీసుకునే మనిషే తప్ప దాని యజమాని కాడని ఇంట్లో అందరికీ తెలియడం మంచిది. నామినీ లేకపోతే వారసులందరూ కలిసి క్లెయిమ్ చేయాలి. రిజర్వు బ్యాంకు 2025లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల వరకు, సహకార బ్యాంకుల్లో 5 లక్షల వరకు, తగాదా లేకపోతే, కోర్టు నుంచి వారసత్వ పత్రం తెమ్మనకుండా తేలిక పద్ధతిలో ఇవ్వాలి.

బ్రాంచి కదలకపోతే

స్టాంపు వేయించుకున్న దరఖాస్తు నకలుతో ఆ బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు `cms.rbi.org.in` లో ఫిర్యాదు పెట్టవచ్చు. దీనికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. బ్యాంకుకు ముందు ఫిర్యాదు చేయకుండా నేరుగా అంబుడ్స్‌మన్‌కు వెళ్తే తిప్పి పంపేస్తారు. ఫిర్యాదులో కోపం కన్నా తేదీలు ఎక్కువ పనిచేస్తాయి: దరఖాస్తు ఇచ్చిన రోజు, మూడు పనిదినాలు ముగిసిన రోజు, బ్యాంకుకు ఫిర్యాదు చేసిన రోజు, రావాల్సిన మొత్తం, వచ్చిన మొత్తం. స్టాంపు ఉన్న నకలును ఫొటో తీసి జతచేయండి.